నూరుసార్లు నడిపిన ఒక్క టెస్టు: ఆటోమేషన్ ఇంటర్వ్యూకు సిద్ధమైన ఒక కేసు

నాతో గతంలో పనిచేసిన ఒక అమ్మాయి ఐదేళ్ల అనుభవం తర్వాత ఉద్యోగం మారాలనుకుంది. సాఫ్ట్‌వేర్ టెస్ట్ ఆటోమేషన్‌లో జావా, సెలీనియం, టెస్ట్‌ఎన్‌జీ మీద పనిచేసేది. రెండు చోట్ల ఇంటర్వ్యూ తప్పాక ఫోన్ చేసి, "అక్కా, అడిగినవన్నీ చెప్పాను, అయినా తీసుకోలేదు" అంది. నేను చాలాకాలంగా ఇవే ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నాను. అందుకని ఒక సాయంత్రం ఆమెను నిజమైన ఇంటర్వ్యూలాగే గంటసేపు ప్రశ్నించాను. ఆ తర్వాత మూడు వారాలు ఏం చేశామో, ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో ఇక్కడ రాస్తున్నాను. ఆమె కంపెనీకి సంబంధించిన పేర్లు, వివరాలు మార్చాను. ఇంటర్వ్యూలో ఆమె కూడా అలాగే మార్చి చెప్పింది.

మొదటి సాయంత్రం మూడు ప్రశ్నలు వేశాను. ఫ్రేమ్‌వర్క్ ఎలా కడతావు? టెస్టులు ఒకసారి పాసై ఒకసారి ఫెయిలవుతుంటే ఏం చేస్తావు? కొత్త ఫీచర్ వస్తే ఏయే టెస్టులు రాయాలో ఎలా నిర్ణయిస్తావు?

మొదటిదానికి పేజ్ ఆబ్జెక్ట్ మోడల్, డేటా డ్రివెన్, హైబ్రిడ్ అంటూ ఒక జాబితా చెప్పింది. రెండోదానికి "ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ పెడతాను, రీట్రై పెడతాను" అంది. మూడోదానికి పిరమిడ్ బొమ్మ గీసింది. ఇందులో ఒక్కటీ తప్పు కాదు. కానీ ఇదే జాబితాను ఇదే వరుసలో ఆ నెలలో నేను నాలుగోసారి వింటున్నాను. "పేజ్ ఆబ్జెక్ట్ వల్ల మీ ప్రాజెక్టులో ఏ పని తగ్గింది?" అని అడిగితే జవాబు రాలేదు. "రీట్రై పెట్టాక ఏమైంది?" అంటే, "బిల్డ్ పచ్చగా వచ్చింది" అంది. ఇంటర్వ్యూ చేసేవారు పెన్ను పక్కన పెట్టేది సరిగ్గా ఇక్కడే.

అందుకని ప్రశ్నల పట్టికలు పక్కన పెట్టమన్నాను. "మీ సూట్‌లో అందరినీ విసిగించే టెస్టు ఒకటి చెప్పు" అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు. ఆర్డర్ రద్దు టెస్టు. మూడు వారాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క టెస్టు మీదే గడిపాం.

రద్దు టెస్టు

ఆ టెస్టు చేసే పని చిన్నదే. లాగిన్ అయి, ఒక ఆర్డర్ పెట్టి, ఆర్డర్ల జాబితాకు వెళ్లి, రద్దు బటన్ నొక్కి, స్థితి మారిందో లేదో చూస్తుంది. తన కంప్యూటర్‌లో ఎప్పుడూ పాసవుతుంది. సీఐ సర్వర్‌లో మాత్రం అప్పుడప్పుడు ఫెయిలవుతుంది. కోడ్ ముఖ్యభాగం ఇది:

```java
driver.get(baseUrl + "/orders");
List<WebElement> rows = driver.findElements(By.cssSelector(".order-row"));
rows.get(0).findElement(By.cssSelector(".cancel")).click();
Thread.sleep(5000);
rows = driver.findElements(By.cssSelector(".order-row"));
assertEquals(rows.get(0).findElement(By.cssSelector(".status")).getText(),
    "CANCELLED");
```

ఈ `Thread.sleep` మొదట 2 సెకన్లు ఉండేదట, తర్వాత ఎవరో 5 చేశారు. అదీ చాలక టెస్ట్‌ఎన్‌జీ రీట్రై తగిలించారు. ఒకసారి ఫెయిలైతే మరో రెండుసార్లు నడుస్తుంది. అప్పటినుంచి ఎవరూ దాని జోలికి పోలేదు.

"కారణం ఏమనుకుంటున్నావు?" అని అడిగాను. "సీఐ సర్వర్ నెమ్మది, పేజీ ఆలస్యంగా లోడవుతుంది" అంది. ఆ ఊహను తీసిపారేయలేం. 51 ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లో ఇలాంటి టెస్టులను సరిచేసిన మార్పులను పరిశీలించిన 2014 నాటి అధ్యయనం ఒకటుంది. దాదాపు 45 శాతం కేసుల్లో కారణం సరిగా వేచి ఉండకపోవడమేనని అందులో తేలింది. కానీ మిగిలిన సగానికి పైగా కేసుల్లో కారణం వేరే. అందరూ వెయిట్ అనే చెబుతారు కాబట్టి, అది కాదని ఎలా తెలుసుకుంటావని అడగడం ఇంటర్వ్యూ చేసేవారికి అలవాటు.

ముందు లెక్క కావాలి. ఆమె దగ్గర ఎన్నిసార్లు ఫెయిలవుతోందన్న అంకె కూడా లేదు. దానికి కారణం ఆ రీట్రైనే. టెస్ట్‌ఎన్‌జీలో ఫెయిలై మళ్లీ నడిచిన ప్రయత్నాన్ని రిపోర్టు స్కిప్ అయినట్టు చూపిస్తుంది. ఆ గడిని ఎవరూ చూడరు. కాబట్టి రీట్రై తీసేసి, ఆర్డర్లకు సంబంధించిన 12 టెస్టులను మాత్రమే విడిగా పెట్టి, సీఐలో ఉన్నట్టే 4 థ్రెడ్లతో వంద సార్లు నడపమన్నాను. ఒక్క టెస్టునే వందసార్లు నడిపితే ఉపయోగం లేదు. పక్కన మిగతావి నడుస్తున్నప్పుడే అది పడిపోతోందేమో ఇంకా తెలియదు కదా. ఒక్కో పరుగుకు 3 నిమిషాలు పట్టింది. రాత్రి మొదలుపెడితే ఐదు గంటల్లో అయిపోయింది.

100లో 7 ఫెయిలయ్యాయి.

ఇప్పుడేం చేస్తావంటే, "వెయిట్ పెంచి మళ్లీ చూస్తాను" అంది. వద్దు, ముందు ఆ ఏడు స్క్రీన్‌షాట్లనూ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. ఈ మొత్తం తయారీలో అన్నిటికన్నా విలువైన అరగంట అదే. ఏడింటిలో ఐదు స్క్రీన్‌షాట్లలో మొదటి వరుసలో ఉన్నది ఈ టెస్టు పెట్టిన ఆర్డరే కాదు. ఆర్డర్ నంబరే వేరు. మిగిలిన రెండింటిలో ఆర్డర్ సరైనదే, స్థితి మాత్రం ఇంకా `CONFIRMED` అని ఉంది. ఒకే టెస్టు పేరు కింద, ఒకే ఎర్ర గీత కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఏడింటినీ కలిపి ఒకటిగా చూసినంతకాలం ఏ మందు వేసినా కొంత తగ్గినట్టే కనిపిస్తుంది, పూర్తిగా మాత్రం తగ్గదు.

ఐదు ఫెయిల్యూర్ల కథ

సూట్ మొత్తానికి ఒకే ఒక పరీక్షా యూజర్ ఉన్నాడు. ఆ నాలుగు థ్రెడ్లూ అతని పేరుతోనే లాగిన్ అవుతాయి. రద్దు టెస్టు నడుస్తుండగా పక్క థ్రెడ్‌లో డెలివరీ చిరునామా మార్చే టెస్టు కూడా ఒక ఆర్డర్ పెడుతుంది. జాబితాలో కొత్తది పైకి వస్తుంది. రద్దు నొక్కాక, స్థితి చూసేలోపు ఆ కొత్త ఆర్డర్ వస్తే మొదటి వరుస మారిపోయి టెస్టు ఫెయిలవుతుంది.

ఇక్కడ ఆగి ఆమెను ఒక ప్రశ్న అడిగాను. కొత్త ఆర్డర్ రద్దు నొక్కడానికి ముందే వస్తే? కాగితం మీద గీసుకుని కాసేపు చూసింది. అప్పుడు టెస్టు ఇంకొకరి ఆర్డర్‌ను రద్దు చేస్తుంది, మొదటి వరుసలో `CANCELLED` కనిపిస్తుంది, హాయిగా పాసవుతుంది! పడిపోయేది చిరునామా టెస్టు. తన ఆర్డర్ తనకు తెలియకుండానే రద్దయిపోయి, చిరునామా మార్చే బటనే కనిపించక అది ఫెయిలవుతుంది. నిజంగానే చిరునామా టెస్టు మీద కూడా వేరే టికెట్ ఒకటి వేరొకరి పేరు మీద నెలల తరబడి ఉంది. రెండు టికెట్లూ ఒకటేనని అప్పటివరకు ఎవరికీ తెలియదు.

ఊహ బాగుంది సరే, రుజువు కావాలి. అదే 12 టెస్టులను ఒకే థ్రెడ్‌తో వందసార్లు నడిపాం. వారాంతమంతా పట్టింది. మొదటి రకం ఒక్కటీ రాలేదు. రెండో రకం మాత్రం రెండు వచ్చాయి. కారణాలు వేరని అక్కడ ఖాయమైంది.

మందు ఏమిటో ఇక చెప్పక్కర్లేదు. ప్రతి టెస్టుకూ దాని సొంత యూజర్, సొంత ఆర్డర్. వరుసను స్థానంతో కాకుండా ఆర్డర్ నంబర్‌తో వెతకాలి.

```java
User user = users.createFresh();
String orderId = orders.createFor(user);

OrdersPage page = loginAs(user).openOrders();
page.row(orderId).cancel();

new WebDriverWait(driver, Duration.ofSeconds(10))
    .ignoring(StaleElementReferenceException.class)
    .until(d -> page.row(orderId).status().equals("CANCELLED"));
```

ఇందులో `ignoring` ఎందుకన్నది ఇంటర్వ్యూలో ఎవరైనా అడుగుతారని ముందే చెప్పాను, ఒకచోట అడిగారు కూడా. `WebDriverWait` అర సెకనుకోసారి షరతును మళ్లీ చూస్తుంది. ఎలిమెంట్ దొరకకపోతే దానంతట అదే ఊరుకుంటుంది. కానీ వరుస దొరికాక, దాని అక్షరాలు చదివేలోపు పేజీ జాబితాను తిరిగి గీస్తే వచ్చే `StaleElementReferenceException`ను మాత్రం ఊరుకోదు, నేరుగా విసురుతుంది. అది రాయకపోతే పాత జబ్బు పోగొడుతూ కొత్తదాన్ని తెచ్చుకున్నట్టే.

రెండు ఫెయిల్యూర్ల కథ

మిగిలిన రెండింటి దగ్గర ఆమె మళ్లీ వెయిట్ దగ్గరికే వెళ్లింది. ఈసారి ఒక సులువైన పరీక్ష చెప్పాను. పాసైన పరుగుల్లో స్థితి మారడానికి ఎంత సమయం పట్టిందో చూడు. అన్నీ 1 సెకను లోపే. ఫెయిలైనవి? 10 సెకన్లూ పూర్తయినా మారలేదు. 3 సెకన్లు, 6 సెకన్లు పట్టినవి ఒక్కటీ లేవు. సర్వర్ నెమ్మదిగా ఉండటమే కారణమైతే మధ్యలో కూడా కొన్ని ఉండాలి. అయితే వెంటనే, లేకపోతే ఎప్పటికీ కాదు అన్నట్టు అంకెలు రెండు గుంపులుగా విడిపోతే అది వేచి ఉండాల్సిన సమస్య కాదు. వెయిట్‌ను 30 సెకన్లకు పెంచి చూసినా అదే ఫలితం వచ్చింది, కాకపోతే ఇంకాస్త ఆలస్యంగా.

బ్రౌజర్ నెట్‌వర్క్ లాగ్ దాచుకునేలా మార్చి మళ్లీ నడిపాక విషయం బయటపడింది. రద్దు అభ్యర్థనకు సర్వర్ 200 ఇస్తోంది. వెంటనే పేజీ జాబితాను మళ్లీ తెప్పించుకుంటోంది. ఆ జాబితాను సర్వర్ కాష్ నుంచి ఇస్తోంది. కాష్ సకాలంలో చెరిగితే కొత్త స్థితి వస్తుంది, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైతే పాతదే వస్తుంది. పేజీ ఆ తర్వాత జాబితాను మళ్లీ అడగదు. అంటే నిజమైన వినియోగదారుడు కూడా రద్దు నొక్కాక ఆర్డర్ ఇంకా అలాగే ఉందని చూస్తాడు. కొందరు మళ్లీ నొక్కుతారు, ఎర్రర్ వస్తుంది.

టెస్టు సరిగ్గానే పనిచేస్తోంది. బగ్ అప్లికేషన్‌లోనే ఉంది. రీట్రై దాన్ని కప్పిపెట్టింది.

ఎంత బాగా కప్పిపెట్టిందో లెక్క వేయించాను, ఎందుకంటే ఇది ఇంటర్వ్యూలో ఒక్క నిమిషంలో చెప్పగలిగే విషయం. నూటికి రెండుసార్లు కనిపించే బగ్, మొదటి ప్రయత్నం, ఆపై రెండు రీట్రైలు. బిల్డ్ ఎర్రగా మారాలంటే మూడుసార్లూ వరుసగా కనిపించాలి. 0.02ను మూడుసార్లు గుణిస్తే 0.000008. పది లక్షల పరుగుల్లో ఎనిమిది. ఆ లెక్కన వాళ్ల టీమ్‌కు అది ఎప్పటికీ కనిపించేది కాదు.

అలాగని రీట్రైని పూర్తిగా తిట్టడం కూడా నాకు నచ్చదు. 300 యూఐ టెస్టులున్న సూట్‌లో ఒక్కోటి వెయ్యికి ఐదుసార్లు మాత్రమే కారణం లేకుండా పడిపోతుందనుకుందాం. అయినా మొత్తం సూట్ పచ్చగా వచ్చే అవకాశం 22 శాతమే. అలాంటిచోట రీట్రై లేకుండా ఎవరూ పని చేయలేరు. గూగుల్ 2016లో ప్రకటించిన అంకెల ప్రకారం వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ అస్థిరత ఉంది. కాబట్టి ఇంటర్వ్యూలో "మా దగ్గర ఒక్కటీ ఉండదు" అనే అభ్యర్థిని నేను నమ్మను. రీట్రై పెట్టుకోవచ్చు, కానీ రెండో ప్రయత్నంలో పాసైన దాన్ని మామూలు పాస్‌గా లెక్కించకూడదు. ప్లేరైట్ అలాంటివాటిని రిపోర్టులో ఫ్లేకీ అని విడిగా చూపిస్తుంది. టెస్ట్‌ఎన్‌జీలో ఆ లెక్క మనమే లిజనర్ రాసి పెట్టుకోవాలి. ఆమె ఇరవై వరుసల లిజనర్ ఒకటి రాసింది.

డెవలపర్లు పేజీని మార్చారు. జాబితాను మళ్లీ తెప్పించే బదులు, రద్దు అభ్యర్థనకు వచ్చిన జవాబులోని స్థితినే ఆ వరుసలో చూపించేలా చేశారు. బాగైందని ఎలా చెప్పగలం? పదిసార్లు నడిపి పాసైంది కదా అంటే సరిపోదు. నూటికి రెండుసార్లు పడే టెస్టు, ఏమీ బాగుచేయకపోయినా, పదిసార్లు వరుసగా పాసయ్యే అవకాశం 82 శాతం. సుమారు 150 సార్లు నడిపితే ఆ అవకాశం 5 శాతం కిందికి వస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క: పడిపోయే రేటుతో 3ను భాగించాలి. 3 ÷ 0.02 = 150. ఆమె 150 సార్లు నడిపింది. ఒక్కటీ ఫెయిల్ కాలేదు.

అదే కథ నుంచి ఫ్రేమ్‌వర్క్ జవాబు

ఇక్కడి నుంచి పని తేలికైంది. ఫ్రేమ్‌వర్క్ ఎలా కడతావన్న ప్రశ్నకు ఆమె ఇప్పుడు పొరల జాబితా చెప్పక్కర్లేదు. రద్దు టెస్టును బాగుచేయడానికి ఏమేం కావాల్సి వచ్చిందో చెబితే చాలు, పొరలు వాటంతట అవే వస్తాయి.

మొదటిది డేటా. ప్రతి టెస్టుకూ కొత్త యూజర్, కొత్త ఆర్డర్ కావాలంటే వాటిని యూఐ ద్వారా తయారు చేయలేం, చాలా సమయం పడుతుంది. ఏపీఐ ద్వారా తయారు చేసే చిన్న క్లాసులు కావాలి. పై కోడ్‌లో `users`, `orders` అవే. చాలామంది అభ్యర్థులు ఫ్రేమ్‌వర్క్ బొమ్మలో డ్రైవర్, పేజీలు, రిపోర్టు గీస్తారు. డేటా ఎక్కడి నుంచి వస్తుందో గీయరు. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు మొదట వెతికేది ఆ పెట్టె కోసమే. ఎక్సెల్ ఫైలు గీస్తే, రెండు థ్రెడ్లు ఒకే వరుస తీసుకుంటే ఏమవుతుందని అడుగుతాను.

రెండోది డ్రైవర్. వాళ్ల పాత బేస్ క్లాసులో డ్రైవర్ `static`గా ఉండేదట. నాలుగు థ్రెడ్లు మొదలుపెట్టిన రోజు అన్నీ ఒకే బ్రౌజర్ మీద పడి కొట్టుకున్నాయి. అప్పుడు `ThreadLocal`కు మార్చారు. ఆమె ఈ సంగతి మొదటి సాయంత్రం చెప్పనే లేదు, అది చెప్పుకోదగ్గదని అనుకోలేదు. నిజానికి `ThreadLocal` అంటే ఏమిటో నిర్వచనం చెప్పడం కన్నా అది లేనప్పుడు ఏమైందో చెప్పడం వందరెట్లు నయం. దానితో వచ్చే మరో చిక్కు కూడా చెప్పమన్నాను. థ్రెడ్ పూల్‌లో థ్రెడ్లు మళ్లీ వాడబడతాయి కాబట్టి టెస్టు చివర `quit()` తోపాటు `remove()` కూడా పిలవాలి. లేకపోతే మూసేసిన డ్రైవర్ తర్వాతి టెస్టు చేతికి వస్తుంది.

మూడోది పేజీలు. `page.row(orderId)` అనేది పేజీ క్లాసులో ఒకేచోట ఉంది. జాబితా మార్కప్ మారితే ఆ ఒక్కచోట మార్చాలి. పేజ్ ఆబ్జెక్ట్ వల్ల ఏ పని తగ్గిందన్న నా పాత ప్రశ్నకు జవాబు ఇదే. ఇంకా ఒక లాభం ఉంది. "మొదటి వరుస" అని అడిగే దారి పేజీ క్లాసులో లేకుండా చేస్తే తర్వాత వచ్చేవాళ్లు ఆ తప్పు చేయడం కష్టమవుతుంది. అసర్షన్లు పేజీలో ఉండాలా, టెస్టులో ఉండాలా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. నేను టెస్టులోనే ఉంచుతాను. ఆమె ఆ మాటే చెప్పింది, కానీ ఎదురు వాదిస్తే పట్టుబట్టొద్దని చెప్పాను, అంత విలువైన యుద్ధం కాదది.

ఇంప్లిసిట్ వెయిట్, ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ కలిపి వాడకూడదన్నది అందరికీ తెలిసిందే. రెండూ కలిస్తే ఎంతసేపు వేచి ఉంటుందో ఊహించలేమని సెలీనియం డాక్యుమెంటేషనే చెబుతుంది. వాళ్ల బేస్ క్లాసులో రెండూ ఉన్నాయి. ఆ సంగతి మేం కోడ్ చదువుతుండగానే చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

ఇదంతా విన్నాక ఇంటర్వ్యూలో తప్పక వచ్చే ప్రశ్న: "బాగుంది, సూట్‌లోని టెస్టులన్నిటినీ ఇలా మార్చారా?" మార్చలేదు. మార్చామని అబద్ధం చెబితే రెండో ప్రశ్నలోనే తెలిసిపోతుంది. ఆర్డర్ల 12 టెస్టులు మాత్రమే మార్చింది. కొత్తగా రాసేవన్నీ కొత్త పద్ధతిలో రాయాలని టీమ్‌లో ఒప్పించింది. పాతవాటిలో ఏవి లిజనర్ లెక్కలో పైకి వస్తే వాటిని ముందు మారుస్తున్నారు. పాత ఉమ్మడి యూజర్ ఇంకా బతికే ఉన్నాడు. నాకు తెలిసి ఈ జవాబే ఆమెను మిగతావాళ్ల నుంచి వేరు చేసింది.

టెస్ట్ స్ట్రాటజీ

ఈ ప్రశ్నకు తక్కువ సమయమే పెట్టాం, ఎక్కువ అక్కర్లేదు కూడా. మైక్ కోన్ పిరమిడ్ 2009 నుంచీ అందరికీ తెలుసు, గీసి చూపితే మార్కులు రావు. రద్దు ఫీచర్‌కు మొత్తం 9 నియమాలున్నాయి. పంపించేసిన ఆర్డర్ రద్దు కాకూడదు, సగం పంపిన ఆర్డర్‌లో మిగతా సగమే రద్దవ్వాలి, కూపన్ వాడితే తిరిగి ఇచ్చే సొమ్ము ఎలా లెక్కించాలి, ఇలాంటివి. ఆ తొమ్మిదీ యూఐ టెస్టులుగానే ఉండేవి.

ఒక్కో నియమం ముందు ఒకే ప్రశ్న వేసుకోమన్నాను: ఈ తప్పు ఎక్కడ పుడుతుంది? సొమ్ము లెక్క సర్వర్‌లో పుడుతుంది, బ్రౌజర్ తెరవాల్సిన పని లేదు. అలా 7 నియమాలు ఏపీఐ టెస్టులయ్యాయి. రద్దు బటన్ ఎప్పుడు కనిపించాలి, నొక్కాక వరుసలో ఏం మారాలి అన్న రెండు మాత్రం యూఐలో మిగిలాయి.

ఇంటర్వ్యూలో దీన్ని చెప్పేటప్పుడు పరిమితి కూడా కలిపి చెప్పమన్నాను. ఏపీఐ టెస్టులు అన్నీ పాసై, పేజీ ఆ ఏపీఐని తప్పుగా పిలుస్తుంటే ఎవరికీ తెలియదు. ఆ రెండు యూఐ టెస్టులూ అందుకే ఉన్నాయి.

బాగుచేసేలోపు పడిపోతున్న టెస్టులను ఏం చేయాలన్నది ఇక్కడే వస్తుంది. విడి గ్రూపులో పెట్టి, బిల్డ్‌ను అడ్డుకోకుండా నడపడం మంచి పద్ధతే. కానీ ఎవరి పేరు మీద, ఎన్ని రోజులు అన్నది చెప్పకపోతే ఆ గ్రూపు అటకలాంటిది. ఎక్కించిన సామాను మళ్లీ కిందికి దిగదు. ఆమె రెండు వారాల గడువు చెప్పింది. ఆలోపు బాగుచేయలేకపోతే టెస్టును తీసేయాలి, ఆ ఫీచర్‌కు కాపలా లేదని టీమ్‌కు చెప్పాలి.

అసలు ఇంటర్వ్యూలు

ఈ కథను నాలుగు నిమిషాల్లో చెప్పడం ప్రాక్టీస్ చేసింది. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది, కాష్ గురించే ఐదు నిమిషాలు చెప్పింది. చివరికి మిగిల్చింది ఇంతే: వంద పరుగులు, 7 ఫెయిల్యూర్లు, ఐదు ప్లస్ రెండు అన్న విడగొట్టడం, ఆ తర్వాత ఒక్కోదాని కారణం ఒక్కో వాక్యంలో. మిగతావన్నీ అడిగితేనే.

మొదటి ఇంటర్వ్యూలో ఇదేదీ అక్కరకు రాలేదు. గంటసేపు నిర్వచనాలు, జావా కలెక్షన్లు అడిగారు. తప్పింది. ఈ తయారీ పద్ధతి అలాంటి ఇంటర్వ్యూలకు పనికిరాదు, అది ముందే ఒప్పుకోవాలి.

రెండోచోట తెర మీద ఒక టెస్టు చూపించి అభిప్రాయం అడిగారు. ఆమె కోడ్ గురించి ఏమీ చెప్పకముందే, "ఇది ఎన్ని థ్రెడ్లతో నడుస్తుంది? ఈ యూజర్‌ను ఇంకెవరైనా వాడుతున్నారా?" అని అడిగిందట. ఎదురుగా ఉన్నాయన నవ్వి, తర్వాత పావుగంట ప్రశ్నలన్నీ అక్కడే నడిపారట. తన కథ చెప్పే అవకాశం అలా వచ్చింది.

ఆయన చివర్లో వేసిన ప్రశ్నను నేను ఊహించలేదు. "కాష్ తప్పు సర్వర్‌లో కదా పుట్టింది. తప్పు పుట్టిన పొరలోనే టెస్టు ఉండాలని మీరే చెప్పారు. మరి మీ ఏపీఐ టెస్టులు దాన్ని ఎందుకు పట్టుకోలేదు?"

ఆమె కాసేపు మాట్లాడలేదట. తర్వాత తేలింది. ఏపీఐ టెస్టులు రద్దు చేశాక ఆర్డర్ నంబర్‌తో ఒక్క ఆర్డర్‌నే అడుగుతాయి. దానికి కాష్ లేదు. కాష్ ఉన్నది జాబితాకు. పేజీ వాడేది జాబితా. టెస్టులు ఏపీఐ పొరలోనే ఉన్నాయి, కానీ పేజీ నడిచే దారిలో లేవు. డెవలపర్లు పేజీని మార్చారు తప్ప జాబితా కాష్‌ను ముట్టుకోలేదు కాబట్టి, అదే జాబితాను వాడే ఇంకే తెర అయినా ఉంటే అక్కడ ఆ బగ్ అలాగే ఉంటుంది. ఇదంతా ఆయన ముందే, గట్టిగా ఆలోచిస్తూ చెప్పింది.

ఉద్యోగం వచ్చింది. నోటీసు కాలం ఇంకా నడుస్తుండగానే పాత టీమ్‌లో ఆమె రాసిన చివరి టెస్టు, రద్దు చేసిన వెంటనే జాబితాను అడిగి చూసే ఏపీఐ టెస్టు. 150 సార్లు నడిపితే నాలుగుసార్లు ఫెయిలైంది. టికెట్ మళ్లీ తెరిచింది.